మినీబార్ గొడవలో పోయిన సొమ్ము రూమ్ బాయ్ జీతంలో కోయడం సబబేనా?

బందరురోడ్డు_ఫ్రంటాఫీస్: "విజయవాడలో మాది 48 గదుల హోటల్. ప్రతి గదిలో ఫ్రిజ్‌లోనూ, ట్రేలోనూ డబ్బుకిచ్చే చిప్స్, కూల్‌డ్రింకుల్లాంటివి పెడతాం, అదే మినీబార్. చెకౌట్ దగ్గర 'ఆ చిప్స్ మేం తినలేదు' అని రోజూ ఒకరిద్దరితో గొడవే. బిల్లులోంచి తీసేస్తే ఆ సొమ్ము రూమ్ బాయ్ జీతంలో కోయమంటున్నారు మా ఓనరుగారు. లేదంటే ఫ్రిజ్‌లు ఖాళీ చేసేయమంటున్నారు. ఏది నయం?"

గుంటూరు_హౌస్‌కీపింగ్: రెండూ వద్దండి. 20 ఏళ్ళ పైగా ఈ పనిలోనే ఉన్నాను, ఒక్క గది సంగతి చెప్తాను వినండి.

మూడో అంతస్తులో ఓ గది. పార్, అంటే ఎప్పుడూ ఉండాల్సిన లెక్క, దాని ప్రకారం చిప్స్ 2, జీడిపప్పు డబ్బా 1, కూల్‌డ్రింక్ టిన్నులు 2, చాక్లెట్లు 2 ఉండాలి. ఆదివారం ఖాళీ చేసిన గెస్టు ఒక చిప్స్ ప్యాకెట్ తిన్నారు, బిల్లులో పడింది, కట్టి వెళ్ళిపోయారు. మా కుర్రాడు దాన్ని నింపడానికి అంతస్తులో సరుకు దాచే ప్యాంట్రీకి వెళ్తే అక్కడ చిప్స్ లేవు. పెళ్ళిళ్ళ రోజులు, కింద పార్టీ వాళ్ళు సామాన్లతో నిలబడి ఉన్నారు. సాయంత్రం షిఫ్టు వాళ్ళు పెడతారులే అనుకుని గది రెడీ అని ఫోన్ చేసేశాడు. సాయంత్రం వాళ్ళకి ఆ సంగతే తెలియదు. కొత్తగా దిగినాయన ఉన్న ఒక్క ప్యాకెట్టూ తిన్నాడు. మర్నాడు చెకౌట్‌కి చూసింది ఇంకో కుర్రాడు. ట్రేలో చిప్స్ లేవు, పార్ 2 కాబట్టి చీటీ మీద 2 అని రాశాడు. గెస్టేమో ఒక్కటే తిన్నానంటాడు, కౌంటర్లో వాళ్ళేమో చీటీ చూపిస్తారు. ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. అయినా హాలంతా వినపడేంత గొడవైంది.

మీ దగ్గర బిల్లులోంచి తీసేసిన ఒక నెల చీటీలు తీసి, ప్రతి గదికీ ముందు గెస్టు చీటీ పక్కన పెట్టి చూడండి. ముందాయన బిల్లులో ఏ వస్తువు పడిందో, తర్వాతాయన ఆ వస్తువు మీదే గొడవ పడ్డాడంటే, తప్పు కౌంటర్లో లేదు, నింపడంలో ఉంది. మా దగ్గర సగానికి పైగా అలాంటివే తేలాయి.

లబ్బీపేట_లెక్కలు: అమ్మా, మీరు చెప్పింది నిజమే గానీ ప్యాంట్రీ నిండా సరుకు పెట్టుకుంటే డేటు దాటిపోయి నష్టం. ఇంత తంటా ఎందుకు, సెన్సార్ ఫ్రిజ్‌లు వచ్చాయి కదా. వస్తువు తీయగానే బిల్లులో దానంతటదే పడుతుంది. చీటీ లేదు, గొడవ లేదు.

గుంటూరు_హౌస్‌కీపింగ్: సెన్సార్ ఫ్రిజ్ ఉన్నచోట రెండేళ్ళు చేశాను. దుర్గమ్మ దర్శనం చేసుకుని వచ్చినవాళ్ళు పులిహోర పొట్లం ఫ్రిజ్‌లో పెట్టాలని టిన్నులు తీసి బల్ల మీద పెడతారు. పసిపిల్లల తల్లులు పాలసీసా కోసం అలాగే చేస్తారు. కాసేపటికి అన్నీ బిల్లులో పడతాయి. వాళ్ళు ఒక్క గుక్క తాగలేదు. పైగా చిప్స్, జీడిపప్పు ఉండేది బయట ట్రేలో, సెన్సార్‌కి అవి తెలియవు. చివరికి మనిషి వెళ్ళి చూడాల్సిందే.

డేటు విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. అందుకే ప్యాంట్రీ పార్ ఊహించి పెట్టకూడదు. మా అంతస్తులో 16 గదులు, రద్దీ రోజుల్లో చిప్స్ రోజుకి 5 పోతాయి. స్టోర్ నుంచి సరుకు వచ్చేది సోమవారం, గురువారం. గురువారం వచ్చింది సోమవారం దాకా, అంటే 4 రోజులు ఆగాలి. నాలుగైదులు 20, ఇంకో రోజుకి పైన ఒక 5, మొత్తం 25. మేం పెట్టుకున్నది 12. అది ఆషాఢంలో వేసిన లెక్క, పెళ్ళిళ్ళు లేనప్పటిది. శ్రావణం వచ్చినా ఎవరూ మార్చలేదు. ఇప్పుడు ముహూర్తాలకి, దసరాకి ముందే పెంచుతాం, మూఢంలో తగ్గిస్తాం. గడువు నెలన్నరలోకి వచ్చిన ప్యాకెట్లు ఒకటో తారీఖున గదుల్లోంచి తీసి రెస్టారెంటుకి ఇచ్చేస్తాం.

రైలుప్రయాణీకుడు: నా అనుభవం కూడా చెప్తాను. 20 రూపాయల నీళ్ళసీసాకి 60 వేశారు ఒక హోటల్లో. ఎమ్మార్పీ కంటే ఎక్కువ తీసుకోవడం నేరం కదా? గొడవలు రాక ఏమవుతాయి?

లబ్బీపేట_లెక్కలు: బాబాయ్, ఇక్కడ మాట ధర గురించి కాదు, తినని దానికి బిల్లు పడడం గురించి. అయినా అడిగారు కాబట్టి చెప్తున్నా. హోటల్లో ఇచ్చేది వట్టి సీసా కాదు, సేవ కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఎమ్మార్పీ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కాకపోతే ధరల కార్డు ట్రే పక్కనే కనపడేలా పెట్టాలి. ఉచితంగా ఇచ్చే రెండు సీసాలకీ, డబ్బుకిచ్చే సీసాకీ ఒకే బ్రాండు పెడితే మీలాంటి వాళ్ళు మోసపోతారు. ఆ తప్పు మాత్రం హోటల్‌దే.

బందరురోడ్డు_ఫ్రంటాఫీస్: ఒకే బ్రాండు పెట్టింది మేమే, మార్పిస్తాను. మరి కోత సంగతి? సరుకు అప్పగించాం కాబట్టి బాధ్యత వాడిదే అంటున్నారు ఓనరుగారు.

గుంటూరు_హౌస్‌కీపింగ్: అప్పగించిన సరుకు అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలితేనే, అదీ అతని సంజాయిషీ విన్నాకే కోయాలని వేతనాల చట్టంలో ఉంది. ప్యాంట్రీలో సరుకు లేకపోతే కుర్రాడి నిర్లక్ష్యం ఎక్కడ? నేను ఇంతకుముందు చేసిన చోట కోత పెట్టారు. నెల తిరక్కుండానే కుర్రాళ్ళు ఏ చిన్న అనుమానమొచ్చినా గెస్టు మీదే రాయడం మొదలెట్టారు. ఇంకొందరు బయట కొట్లో కొనుక్కొచ్చి ట్రే నింపేవాళ్ళు. కోత తప్పించుకోవాలి కదా పాపం. మా లెక్కంతా పాడైంది.

మేం ఇప్పుడు చేసేది ఇదీ. పార్ పూర్తి కాని గదిని రెడీ అని చెప్పం. తప్పనిసరైతే 'చిప్స్ 1 తక్కువ' అని సాఫ్ట్‌వేర్‌లో ఆ గది మీద రాసి పెడతాం, చెకౌట్‌లో దాన్నిబట్టే లెక్క. రెండు మూడు రోజులుండే గెస్టుకి రోజూ ఉదయం చూసి ఆ రోజుదారోజే బిల్లులో వేస్తాం, చీటీ కాపీ ట్రే దగ్గర పెడతాం. నిన్న తిన్నది ఎవరికైనా గుర్తుంటుంది, మూడు రోజుల కిందటిది ఉండదు.

చూడడంలో కూడా పద్ధతుంది. నీళ్ళసీసా నిండుగా కనపడితే సరిపోదు, మూత కింద రింగు తెగిందేమో వేలితో తడిమి చూడాలి. కుళాయి నీళ్ళు పట్టి పెట్టినవి మాకు దొరికాయి. టిన్ను అడుగున మార్కర్‌తో చిన్న చుక్క పెడతాం. చుక్క లేని టిన్ను ఉంటే అది బయట కొని పెట్టినదే.

బందరురోడ్డు_ఫ్రంటాఫీస్: ఇది చేయగలం. కానీ పొద్దున్నే పినాకినీ ఎక్కేవాళ్ళు ఐదింటికే కిందికొస్తారు. మా కుర్రాళ్ళు వచ్చేది ఏడింటికి. అప్పుడు గది ఎవరు చూడాలి?

గుంటూరు_హౌస్‌కీపింగ్: అడగండి, చెప్పింది నమ్మి బిల్లు వేయండి. రాత్రి పడుకునే ముందే బిల్లు చూపించి సరిచూసుకోమంటే ఇంకా మంచిది. తర్వాత తేడా కనపడితే మినీబార్ నష్టం అని విడిగా ఒక పద్దు పెట్టి అందులో రాయండి, మనిషి పేరు మీద వద్దు.

మూడంతస్తుల_లాడ్జి: నమ్మితే చాలంటే కుదరదు మేడమ్. నాకున్నది 22 గదులు. నెలకి ఆ పద్దులో పోయేది ఒక కుర్రాడి జీతంలో పావు వంతు. నేను ఫ్రిజ్‌లు ఖాళీ చేసి కౌంటర్లోనే అమ్ముతున్నా, గొడవలు పోయాయి.

గుంటూరు_హౌస్‌కీపింగ్: 22 గదులకి మీరు చేసింది సరిపోవచ్చు, కాదనను. అర్ధరాత్రి ఆకలేసిన గెస్టు కిందికి దిగి వస్తున్నాడా, అమ్మకం ఎంత తగ్గింది, అది మాత్రం లెక్క చూశారా?

మూడంతస్తుల_లాడ్జి: అమ్మకం తగ్గింది. ఎంతో ఈ నెలాఖరుకి చూసి రాస్తాను.

బందరురోడ్డు_ఫ్రంటాఫీస్: ఆగస్టు చీటీలు తీయించాను. గొడవపడినవి 41. ముందు గెస్టు చీటీతో సరిపోయినవి ఇప్పటికి 19, ఇంకా పది చూడాలి. ఓనరుగారికి ఈ కాగితాలే చూపిస్తా. కోత ఈ నెలకి ఆపారు.