3 ఏళ్ల మెషీనా, 6 ఏళ్ల మెషీనా? ఎన్‌పీవీ ఒకటి చెప్తోంది, మనసు ఇంకోటి చెప్తోంది

శ్రీను: అందరికీ నమస్కారం. మాది గుంటూరులో కాలేజీల దగ్గర జిరాక్స్, ప్రింటింగ్ షాపు. పాత మెషీన్ ఇక పని చేసేలా లేదు. నా ముందు రెండు దారులున్నాయి. రీకండిషన్డ్ మెషీన్ 2,40,000కి వస్తోంది, 3 ఏళ్లు నడుస్తుందని చెప్తున్నారు. దాని మీద ఖర్చులన్నీ పోను ఏడాదికి 1,30,000 మిగులుతుందని నా అంచనా. కొత్తది 5,00,000, 6 ఏళ్లు నడుస్తుంది. టోనర్ ఖర్చు కాస్త తక్కువ కాబట్టి ఏడాదికి 1,45,000 మిగలొచ్చు. షాపులో జాగా ఒక్కదానికే ఉంది. ఏటా 12 శాతం చొప్పున లెక్కగడితే ఎన్‌పీవీ, అంటే వచ్చే ఏళ్ల మిగులుని నేటి విలువకు మార్చి మెషీన్ ధర తీసేస్తే ఉండేది, రీకండిషన్డ్‌కి సుమారు 72,200, కొత్తదానికి 96,150 వచ్చింది. అంటే కొత్తదే కొనాలా? 3 ఏళ్లకూ 6 ఏళ్లకూ పోటీ పెట్టడం నాకెందుకో సరిగ్గా అనిపించడం లేదు.

కిరణ్: అన్నా, ఎన్‌పీవీ ఎక్కువున్నది తీసుకోవాలి, అంతే. మాకు సీఏ ఇంటర్‌లో అదే చెప్పారు. అయితే ఏళ్లు వేరు కాబట్టి ఏడాదికి ఎంతో చూస్తే ఇంకా మంచిది. 72,200ని 3తో భాగిస్తే 24,000 పైన, 96,150ని 6తో భాగిస్తే 16,000. ఇలా చూస్తే రీకండిషన్డే మేలు.

లక్ష్మి: ముందు ఒక్క మాట శ్రీను గారూ. మీరు చెప్పిన 1,30,000, 1,45,000 అప్పు వాయిదా కట్టకముందువా, కట్టాకవా? తరుగుదల ఏమైనా తీసేశారా?

శ్రీను: వాయిదా, తరుగుదల ఏదీ తీయలేదు మేడమ్. పేపరు, టోనరు, కరెంటు, సర్వీసు పోను చేతికొచ్చేది. అద్దె రెండింటికీ ఒకటే కాబట్టి దాన్ని కలపలేదు. పన్ను కూడా చూడలేదు.

లక్ష్మి: అయితే సరే. వాయిదా తీసేసి మళ్లీ 12 శాతం వేస్తే వడ్డీ రెండుసార్లు లెక్కలోకొస్తుంది, అందుకే అడిగాను.

మీ అనుమానం న్యాయమైనదే. 96,150 రావడానికి కొత్త మెషీన్ 6 ఏళ్లు తీసుకుంటోంది. రీకండిషన్డ్ 72,200 మూడేళ్లకే ఇచ్చేసి జాగా ఖాళీ చేస్తోంది. మిగిలిన మూడేళ్లు ఆ జాగా ఊరికే ఉండదు కదా, మీరు ఇంకో మెషీన్ పెడతారు. ఎన్‌పీవీలు నేరుగా పోలిస్తే ఆ రెండో మెషీన్ సంపాదన సున్నా అనుకున్నట్టే.

అందుకని ప్రతి ఎన్‌పీవీని దాని ఆయుష్షంతా ఏటేటా సమానంగా వచ్చే మొత్తంగా మార్చి చూస్తాం. ఏటా ఎంత వస్తే, 12 శాతం మీద దాని నేటి విలువ ఆ ఎన్‌పీవీకి సరిపోతుందో ఆ మొత్తమన్నమాట. ఏటా ఒక్కో రూపాయి వస్తే వాటన్నిటి నేటి విలువే యాన్యుటీ ఫ్యాక్టర్. 12 శాతం మీద అది 3 ఏళ్లకు 2.4018, 6 ఏళ్లకు 4.1114. 72,234ని 2.4018తో భాగిస్తే 30,075. 96,153ని 4.1114తో భాగిస్తే 23,387. కాబట్టి ఏడాదికి చూస్తే రీకండిషన్డే దాదాపు 6,700 ఎక్కువిస్తోంది.

కిరణ్, నువ్వు సరైన దారిలోనే వెళ్లావు గానీ ఏళ్లతో భాగించకూడదు. అలా చేస్తే ఆరో ఏట వచ్చే రూపాయి, మొదటి ఏట వచ్చే రూపాయి ఒకటే అయిపోతాయి. ఎక్కువ కాలం నడిచేదానికి అన్యాయం జరుగుతుంది. ఇక్కడ జవాబు కలిసింది, ప్రతిసారీ కలవదు. కొత్త మెషీన్ ఏడాదికి 1,55,000 మిగులుస్తుందనుకో. దాని ఎన్‌పీవీ 1,37,267. 6తో భాగిస్తే 22,878 వస్తుంది, అంటే నీ లెక్కలో ఇంకా రీకండిషన్డే గెలుస్తుంది. ఫ్యాక్టర్‌తో భాగిస్తే 33,387, అంటే కొత్తదే మేలు.

కిరణ్: అర్థమైంది అక్కా. కానీ ల.సా.గు. తీసి రీకండిషన్డ్‌ని రెండుసార్లు కొన్నట్టు 6 ఏళ్లకూ రాస్తే సరిపోదా? పుస్తకంలో ఆ పద్ధతి కూడా ఉంది.

లక్ష్మి: సరిపోతుంది, రాసి చూడు. మూడో ఏడాది చివర రెండో మెషీన్ కొంటే మళ్లీ 72,234 ఎన్‌పీవీ. 12 శాతం మీద రూపాయి మూడేళ్లకు 1.4049 అవుతుంది కాబట్టి దాన్ని 1.4049తో భాగించి నేటికి తెస్తే 51,415. రెండూ కలిపితే 1,23,649. కొత్తదానికి 96,153. జవాబు అదే. 3, 6 కాబట్టి సులువుగా కుదిరింది. రేపు ఇంకో డీలరు 5 ఏళ్ల మెషీన్ చూపిస్తే, 3 ఏళ్లదాంతో పోల్చడానికే 15 ఏళ్ల వరుస రాయాలి. మూడింటినీ కలిపి చూడాలంటే 30 ఏళ్లు. ఫ్యాక్టర్‌తో అయితే ఒక్క భాగహారంతో పోతుంది.

ఎక్సెల్‌లో ఇలా:

```
=PV(12%,3,-130000)-240000
=PMT(12%,3,-72234)
```

మొదటి వరుస ఎన్‌పీవీ, రెండోది ఏడాది మొత్తం. నేను ఫ్యాక్టర్‌ని నాలుగు దశాంశాలకే తీసుకున్నాను కాబట్టి మొదటి వరుసలో నాలుగు రూపాయలు ఎక్కువ కనిపిస్తుంది. మైనస్ గుర్తు మరిచిపోతే జవాబు తప్పు వస్తుంది.

వెంకటేశ్వర్లు: మంచి చర్చ. నాదీ ఇలాంటిదే. ఇంటి ఇన్వర్టర్‌కి బ్యాటరీ మార్చాలి. ట్యూబులర్ 16,000, 4 ఏళ్లు వస్తుందన్నారు. లిథియం 45,000, 10 ఏళ్లన్నారు. 10 శాతంతో మీరు చెప్పినట్టే భాగిస్తే 5,048, 7,324 వచ్చాయి. ఎక్కువొచ్చింది లిథియం కాబట్టి అదే తీసుకుంటున్నాను. సరేనా?

లక్ష్మి: ఆగండి ఆగండి, అలా కొనకండి! శ్రీను గారిది మిగులు, కాబట్టి ఎక్కువున్నది మంచిది. బ్యాటరీ మీకు సంపాదించి పెట్టదు, మీరు భాగించింది ఖర్చుని. ఏడాదికి తక్కువ పడేదే చూడాలి, మీ అంకెల్లో అది ట్యూబులర్. అయితే దానికి డిస్టిల్డ్ వాటర్ ఖర్చు కలపండి. ఛార్జింగ్‌లో పోయే కరెంటు తేడా కూడా కలపండి. ఆ రెండూ కలిసి ఏడాదికి 2,276 దాటితేనే లెక్క మారుతుంది. రెండు బ్యాటరీలూ మీకు కావలసినంతసేపు ఒకే లోడు లాగాలి, అది కూడా సరిచూసుకోండి. లేకపోతే పోల్చడమే తప్పు.

వెంకటేశ్వర్లు: అయ్యో, మంచిపని చేశారమ్మా. నీళ్ల ఖర్చు నాకు పెద్దగా ఉండదు. కరెంటు సంగతి చూసి చెప్తాను.

ప్రసాద్: నేను కాపియర్ల సర్వీసు చేస్తాను. లెక్క సంగతి మేడమ్‌కి వదిలేస్తున్నా గానీ, రెండు విషయాలు చెప్పాలి శ్రీను గారూ. మూడేళ్ల తర్వాత ఇదే రకం మెషీన్ ఇదే రేటుకి దొరుకుతుందని ఎవరూ చెప్పలేరు. రీకండిషన్డ్ సరుకు బయటి నుంచి ఎంతొస్తే దాన్ని బట్టి రేటు. ఒక మోడల్‌కి స్పేర్లు తగ్గిపోయాయంటే ఇక దాని జోలికి పోకూడదు. రెండోది, డ్రమ్ము, ఫ్యూజర్ సగం అరిగినవి పెట్టి ఇస్తుంటారు. కొనేముందు మీటర్ రీడింగ్ ప్రింటు తీయించండి, డ్రమ్ము ఎన్ని కాపీలు నడిచిందో అడగండి. ఆగిపోయిన రోజుల నష్టం మీ 1,30,000లో ఉందా?

శ్రీను: సర్వీసు ఖర్చు ఉంది గానీ ఆగిన రోజుల నష్టం లేదండీ.

లక్ష్మి: ప్రసాద్ గారు అసలు చోట పట్టుకున్నారు. ఈ పద్ధతి వెనక ఒక షరతుంది, అదే మెషీన్ అదే ధరకు అదే రాబడితో మళ్లీ మళ్లీ దొరుకుతుందని. ఆ షరతు ఎంతవరకు తట్టుకుంటుందో చూద్దాం.

మూడేళ్ల తర్వాత రెండో మెషీన్ ధర ఎంతైతే రెండు దారులూ సమానమవుతాయి? 96,153లోంచి మొదటి మెషీన్ ఇచ్చే 72,234 తీసేస్తే 23,919. దాన్ని 1.4049తో గుణించి మూడో ఏటికి తీసుకెళ్తే 33,600. అంటే రెండో మెషీన్ కనీసం అంత ఎన్‌పీవీ ఇవ్వాలి. దాని రాబడి విలువ 3,12,234 కాబట్టి ధర సుమారు 2,78,600 దాటకూడదు. ఏడాదికి 5 శాతం చొప్పున ధర పెరిగినా దాదాపు అక్కడికి చేరిపోతుంది. జిరాక్స్ రేటు అదే వేగంతో పెరిగితే ఫర్వాలేదు, పెరగకపోతే రీకండిషన్డ్ ఆధిక్యం పోయినట్టే.

ఇక ఆగిన రోజులు. రెండింటికీ మధ్య తేడా ఏడాదికి 6,688. షాపు ఏడాదికి 300 రోజులు నడుస్తుందనుకుంటే 1,30,000 అంటే రోజుకి 433 మిగులు. కొత్తదాని కంటే రీకండిషన్డ్ ఏడాదికి సుమారు 15 రోజులు ఎక్కువ ఆగితే తేడా మొత్తం అక్కడే పోతుంది.

ప్రసాద్: 15 రోజులంటే మంచి మెషీన్‌కి ఎక్కువే మేడమ్, చెడ్డదానికి తక్కువే. కానీ పరీక్షల ముందు, ప్రాజెక్టు రిపోర్టుల సీజన్‌లో ఆగితే ఒక్క రోజు అయిదు రోజుల పెట్టు. అది సగటులో కనిపించదు.

కిరణ్: అలాంటప్పుడు రీకండిషన్డ్‌కి రిస్కు ఎక్కువ కాబట్టి 12 బదులు 15 శాతం వేస్తే సరిపోతుంది కదా?

లక్ష్మి: నేనైతే వేయను. రేటు పెంచితే ప్రతి ఏడాదీ ఇంకాస్త ఇంకాస్త కోత పడుతుంది, మెషీన్ ఆగే నష్టం అలా ఉండదు. పైగా రెండు వేర్వేరు రేట్లతో తీసిన ఏడాది మొత్తాలను పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువో చెప్పలేం. ఆగే రోజుల్ని రాబడిలోంచే తీసేయడం మేలు. రేటు పెంచేవాళ్లూ ఉన్నారనుకో, ఇందులో అందరిదీ ఒకటే మాట కాదు.

శ్రీను: ఇంకో సంగతి చెప్పలేదు మేడమ్. షాపు అగ్రిమెంటు ఇంకో మూడేళ్లే ఉంది. ఓనరు బిల్డింగ్ పడగొట్టి కడతానంటున్నాడు. అప్పుడు ఇక్కడే ఉంటానో లేదో తెలియదు.

లక్ష్మి: ఇది మొదటే చెప్పాల్సిన మాట! మూడేళ్ల తర్వాత షాపే లేకపోతే మళ్లీ మళ్లీ కొనడమన్న మాటే ఉండదు. అప్పుడు ఏడాది మొత్తాల లెక్క పక్కన పెట్టి రెండింటినీ మూడేళ్లకే చూడాలి. కొత్తది మూడేళ్లలో తెచ్చేదాని నేటి విలువ 3,48,261, పెట్టింది 5,00,000. అంటే 1,51,739 లోటు. రీకండిషన్డ్ 72,234 మిగులు. సమానం కావాలంటే మూడేళ్లు వాడిన కొత్త మెషీన్‌కి దాదాపు 3,14,700 రావాలి. రీకండిషన్డ్ మెషీన్‌ని మూడేళ్ల తర్వాత ఎంతకో అమ్మగలిగితే ఇంకా ఎక్కువే రావాలి. ప్రసాద్ గారూ, అంత వస్తుందా?

ప్రసాద్: సగం ధర వస్తే గొప్ప. డీలరు తిరిగి ఎంతకు కొంటాడో, ఆ బైబ్యాక్ రేటు రాతపూర్వకంగా ఇస్తే తప్ప నమ్మకండి.

శ్రీను: ఇంకో వీధిలోకి మెషీన్ తీసుకెళ్లి నడిపితే?

లక్ష్మి: అది మూడో దారి. అక్కడ గిరాకీ ఎలా ఉంటుందో, ఏడాదికి 1,45,000 మిగులుతుందో లేదో మీరే అంచనా వేయాలి. ఆ అంకె చెప్తే 4, 5, 6 ఏళ్లకి అదే వేసి మళ్లీ లెక్క కట్టి చూద్దాం.

శ్రీను: రేపు ఓనరుతో మాట్లాడి, డీలరుని బైబ్యాక్ రేటు కాగితం మీద అడిగి ఇక్కడే పెడతాను. ప్రసాద్ గారూ, మీటర్ రీడింగ్ ప్రింటు ఎలా తీయాలో కాస్త చెప్పండి.

ప్రసాద్: మోడల్ నంబరు పెట్టండి, చెప్తాను. ఒక్కో కంపెనీకి ఒక్కో తీరు.