అరసవల్లి యాత్రికుల లాడ్జికి స్ట్రాటజీ కాన్వాస్: రేటు గీత ఎలా గీయాలి?

శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర 20 గదుల లాడ్జికి కాన్వాస్, అంటే ఒక్కో అంశంలో మేమూ పోటీ లాడ్జిలూ ఎంత ఇస్తున్నామో గీతలతో పోల్చే పటం, గీస్తున్నామండి. అడుగున రేటు, గది సైజు, ఏసీ, టీవీ, రిసెప్షన్, శుభ్రత, వేడినీళ్లు. నిలువున 0 నుంచి 10 మార్కులు. రేటుకు ఎక్కువ మార్కు అంటే ఎక్కువ ధర. దీన్ని తిప్పి వేస్తే గీత మొత్తం తప్పుదారి పడుతుంది.

చుట్టుపక్కల లాడ్జిల గీతలు మా గీతకు దాదాపు సమాంతరంగానే వచ్చాయి. అంటే పోటీ అంతా రేటు మీదే. అందుకే అసలు గదే తీసుకోని వాళ్లను చూశాం: ఆదివారం తెల్లవారుజామున వచ్చి, అరసవల్లిలో దర్శనం చేసుకుని, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లకు కావలసింది స్నానం, సామాను పెట్టుకునే చోటు, కాసేపు నడుం వాల్చడం. కాబట్టి టీవీ తీసేసి, గది సైజు తగ్గించి, ఉదయం 4 నుంచే వేడినీళ్లు పెంచి, 6 గంటల అద్దె, సామాను భద్రత కొత్తగా చేర్చాం.

చిక్కు ఇక్కడే. మిగతా లాడ్జిల రేటు 24 గంటలకు, మాది 6 గంటలకు. గంట లెక్కన పోలిస్తే మాదే ఖరీదుగా కనిపిస్తుంది, కస్టమర్ జేబులోంచి పోయేది మాత్రం తక్కువ. ఒక్క బసకు అయ్యే మొత్తం ఖర్చునే మార్కుగా వేయడం సరైనదేనా? పైగా ఈ గిరాకీ ఆదివారాలకే పరిమితమైతే మామూలు రోజులకు వేరే గీత గీయాలా? ఇలాంటి లాడ్జికి కాన్వాస్ వేసినవాళ్లు చెప్పగలరా?