పీహెచ్‌డీ ఫెలోషిప్ మీద పన్ను కట్టాలా? రుజువుగా ఏ కాగితాలు దాచుకోవాలి?

శ్రావణి, బెంగళూరు

మాది కర్నూలు. ఇక్కడ పీహెచ్‌డీ చేసినాను. మా సంస్థ సొంత ఫెలోషిప్పే, 2025 ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా నెలకు 42,000 వచ్చింది. అందులో పది శాతం టీడీఎస్ పట్టుకున్నారు. థీసిస్ ఇచ్చేసి అక్టోబర్‌లో ఉద్యోగంలో చేరినాను, జీతం నెలకు 1,90,000. ఫెలోషిప్ డబ్బు కూడా ఆదాయంలో కలపాలా? కలపకపోతే రేపు ఎవరైనా అడిగితే ఏం చూపాలి?

కిరణ్, మారతహళ్లి

చాలా తేలిక. స్కాలర్‌షిప్ అయితే పన్ను లేదు, స్టైపెండ్ అయితే ఉంది. మీ కాగితంలో ఏ మాట ఉందో చూసుకోండి. అయినా మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే మినహాయింపులేవీ రావు కాబట్టి కలపక తప్పదు. టీడీఎస్ కూడా పట్టారంటే వాళ్లే అది ఆదాయమని తేల్చేసినట్టు.

వెంకటరమణ, ఆడిటర్, మల్లేశ్వరం

కిరణ్ గారూ, కాగితం చూడమనడం వరకు మీరు చెప్పింది సరైనదే. మిగతావి సరిచేయాలి, ఎందుకంటే ఈ పొరపాటుతోనే ఏటా కొందరు పిల్లలు అక్కర్లేని పన్ను కట్టి నా దగ్గరికి వస్తున్నారు.

ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(16) ఏమంటుందంటే, చదువు ఖర్చు కోసం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద పన్ను లేదు. దీనికి గరిష్ఠ పరిమితి లేదు. ప్రభుత్వం ఇచ్చినా ట్రస్టు ఇచ్చినా ఒకటే. కాగితం మీద స్టైపెండ్ అని రాశారా ఫెలోషిప్ అని రాశారా అన్నదాన్ని బట్టి తేలదు. ఆ డబ్బు దేనికి ఇచ్చారన్నదే చూస్తారు. చదువుకోమని ఇస్తే స్కాలర్‌షిప్, పని చేయించుకుని ఇస్తే సంపాదన. ఇక కొత్త విధానం సంగతి: అందులో పోయేవి ఎల్‌టీసీ, ఇంటద్దె భత్యం లాంటి కొన్ని మినహాయింపులు. 10(16) ఆ జాబితాలో లేదు. రెండు విధానాల్లోనూ నిలుస్తుంది.

ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ బిల్లు చూపాలేమోనని పిల్లలు భయపడతారు. మన కర్ణాటక హైకోర్టు ఎ. రత్నాకరరావు కేసులో, చదువు ఖర్చంటే ఫీజు ఒక్కటే కాదు, చదువు కోసం అయ్యే ఇతర ఖర్చులన్నీ అందులోకే వస్తాయంది. హాస్టలూ భోజనమూ పుస్తకాలూ లేకుండా చదువు ఎక్కడుంది?

ఇప్పుడు శ్రావణీ, నీ లెక్క చూద్దాం. జీతం ఆరు నెలలకు 11,40,000. స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీస్తే 10,65,000. 2025-26 ఏడాదికి కొత్త విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి 87ఏ రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి పన్ను సున్నా. సంస్థ పట్టుకున్న 25,200 వెనక్కి రావాలి.

ఫెలోషిప్ 2,52,000 ను కలిపావనుకో, మొత్తం 13,17,000 అవుతుంది. అంత ఆదాయానికి రిబేటు రాదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం అంటే 20,000, 8 నుంచి 12 దాకా 10 శాతం అంటే 40,000, ఆపైన ఉన్న 1,17,000 మీద 15 శాతం అంటే 17,550. సెస్‌తో కలిపి 80,650 చిల్లర. ఇలా కలిపితే 25,200 తిరిగి రావాల్సిన దానివి, ఎదురు 55,450 కట్టాల్సి వస్తుంది. ఏడాదంతా ఫెలోషిప్ మీదే ఉన్న వాళ్లకు ఇది పెద్ద తేడా కాదు, కలిపినా కలపకపోయినా వాళ్ల పన్ను సున్నాయే. నీలాగా నడుమ ఉద్యోగంలోకి వెళ్లిన వాళ్లకే ఈ ప్రశ్న బరువు.

సుబ్బారావు, విశ్రాంత అకౌంట్స్ అధికారి

ఆడిటర్ గారి మాటను పూర్తిగా ఒప్పుకోలేను. నేను ఒక విశ్వవిద్యాలయంలో బిల్లులు చూసినవాణ్ణి. పరిశోధక విద్యార్థికి ఇంటద్దె భత్యం ఇస్తాం, సెలవుల లెక్క రాస్తాం, ల్యాబులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పిస్తాం, పరీక్ష పేపర్లు దిద్దిస్తాం. ఇవన్నీ ఉద్యోగి చేసే పనులే కదా. వృత్తి రుసుముల మీద పన్ను పట్టే 194J సెక్షన్ కింద మేం టీడీఎస్ పట్టడానికి కారణం కూడా అదే: పట్టకపోతే రేపు ఆడిట్‌లో మమ్మల్ని అడుగుతారు.

వెంకటరమణ

సుబ్బారావు గారూ, టీడీఎస్ పట్టింది మీ జాగ్రత్త కోసం. దాన్నిబట్టి విద్యార్థి పన్ను నిర్ణయం కాదు. పట్టిన సొమ్మును రిటర్న్‌లో అడిగి తీసుకోవచ్చు. అయితే పాఠాలు చెప్పించే మాట మీరు అన్నది గట్టిదే. ఫెలోషిప్ ఉత్తర్వులో కోర్సులో భాగంగా వారానికి ఇన్ని గంటలు సహాయం చేయాలని ఉంటే అది చదువులోదేనని వాదిస్తాను. విడిగా గంటకింత అని లెక్కగట్టి ఇస్తే ఆ మేరకు ఆదాయంగా చూపమంటాను. దీని మీద అందరి అభిప్రాయమూ ఒకటి కాదు.

మణివణ్ణన్ వాళ్ల నాన్న, అన్నానగర్, చెన్నై

మా అబ్బాయి ఇంజనీరింగ్ చివరి ఏడు. ఒక కంపెనీలో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ చేశాడు, నెలకు 25,000 స్టైపెండ్. వాళ్లూ పది శాతం పట్టారు. చదువులో భాగమే కదండీ, ఇది కూడా 10(16) కిందికి వస్తుందా?

వెంకటరమణ

రాదండి. కంపెనీ వాడుకున్నది అబ్బాయి పనిని. కాలేజీ దానికి మార్కులు ఇచ్చినా డబ్బు ఇచ్చినవాడి ఉద్దేశం వేరు. కానీ మీరేం కంగారుపడకండి. మొత్తం 1,50,000, ఇంకో ఆదాయం లేకపోతే 4 లక్షల లోపే కాబట్టి పన్ను లేదు. రిటర్న్ వేసి 15,000 తెప్పించుకోండి. ఆదాయం మాత్రం చూపించి తీరాలి.

రఫీ, యలహంక

నా అనుభవం చెప్తాను, ఉపయోగపడొచ్చు. నేను జూనియర్ రీసెర్చ్ ఫెలోని, అంటే జేఆర్‌ఎఫ్‌ని, కానీ ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్. పేరు ఒకటే కావడంతో నేనే మోసపోయాను. పరీక్ష రాసి తెచ్చుకునే ఫెలోషిప్ వేరు, ప్రొఫెసర్ గారి ప్రాజెక్టులో జీతానికి పెట్టుకునే పోస్టు వేరు. నా నియామక పత్రంలో "ప్రాజెక్టు ముగిసే వరకు, కన్సాలిడేటెడ్ వేతనం మీద" అని స్పష్టంగా ఉంది, పీహెచ్‌డీ అన్న మాటే లేదు. నేను అది చదవకుండా స్కాలర్‌షిప్ అనుకుని రిటర్న్‌లో ఆదాయం ఎక్కడా చూపించకుండా టీడీఎస్ మాత్రం వెనక్కి అడిగాను. రెండు నెలలకు 139(9) కింద లోపమున్న రిటర్న్ అని నోటీసు వచ్చింది: టీడీఎస్ క్లెయిమ్ చేశావు, దానికి సంబంధించిన ఆదాయం ఏదీ అని. పదిహేను రోజులు గడువు. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. చివరికి ఆదాయంగా చూపి సరిచేసి వేశాను.

వెంకటరమణ

రఫీ చెప్పింది అందరూ చదవాలి. నిజమైన ఫెలోషిప్ ఉన్నవాళ్లకూ ఇదే నోటీసు రావచ్చు, వాళ్లు కూడా డబ్బును ఎక్కడా చూపకుండా టీడీఎస్ మాత్రం అడిగితే. పన్ను లేదు కదా అని దాచేయకూడదు, మినహాయింపు ఆదాయం వరుసలో చూపాలి. నేనైతే ITR-2 వేసి `Schedule EI` లో 2,52,000 రాసి సెక్షన్ 10(16) అని పెడతాను, టీడీఎస్ క్లెయిమ్ కూడా అక్కడితో సరిపోతుంది. దానికి ముందే ఆదాయపు పన్ను పోర్టల్‌లో నీ ఆదాయాల వివరాలు చూపే AIS తెరిచి చూడు శ్రావణీ. 194J కింద పట్టి ఉంటే ఆ డబ్బు వృత్తి ఆదాయంలా కనిపిస్తుంది. ఆ వరుస మీద అభిప్రాయం చెప్పే చోట `Income is not taxable` అని ఎంచుకో. అంతా చేసినా నోటీసు వచ్చిందంటే భయం లేదు, ఒప్పుకోనని జవాబిచ్చి కాగితాలు జతచేస్తే సరి.

కాగితాల్లో నేను మొదట అడిగేది ఫెలోషిప్ మంజూరు ఉత్తర్వు. పీహెచ్‌డీ కోసమే ఇస్తున్నామన్న వాక్యం అందులో ఉండాలి, అదే నీ ప్రాణం. తర్వాత, ఆ ఆరు నెలలూ నువ్వు పూర్తికాలపు పీహెచ్‌డీ విద్యార్థినివని సంస్థ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్, తేదీలతో. ఇది చదువు ముగిశాక తెచ్చుకోవడం కష్టం, ఇప్పుడే రాయించుకో. ఫెలోషిప్ జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్, సంస్థ ఇచ్చే టీడీఎస్ పత్రం ఫారం 16A, పట్టిన టీడీఎస్ నీ పేరున చూపే 26AS నకలు. ఫీజు, హాస్టల్ రశీదులు తప్పనిసరి కాదు, కానీ ఉంటే పడేయకు. ఇవన్నీ కనీసం నాలుగైదేళ్లు దాచు. పోర్టల్‌లో నకళ్లు ఉంటాయిలే అనుకోవద్దు, సంస్థ ఇమెయిల్ ఖాతా మూసేస్తే ఆ ఉత్తర్వు నీకూ దొరకదు.

కిరణ్

మాట పేరు చూసి తేల్చడం నా పొరపాటే. కానీ ఒక అనుమానం: శ్రావణి కంపెనీ హెచ్‌ఆర్ వాళ్లు పాత ఆదాయం చెప్పమంటే?

వెంకటరమణ

పాత యజమాని ఇచ్చిన జీతం ఎంతని అడుగుతారు. ఆమెకు పాత యజమాని లేడు, ఫెలోషిప్ ఆ ఫారంలో రాయనక్కర్లేదు. రాస్తే కంపెనీ దాన్నీ కలిపి టీడీఎస్ పట్టేస్తుంది.

శ్రావణి

ఇప్పుడే ట్రంకు పెట్టె తెరిచి ఉత్తర్వు తీసినాను సార్. "పూర్తికాలిక పీహెచ్‌డీ పరిశోధన కొనసాగించేందుకు" అని ఉంది. ఇంకో వాక్యం కూడా ఉంది: "సంస్థ కోరినప్పుడు వారానికి ఎనిమిది గంటలు బోధనా సహాయం అందించవలెను." నేను రెండు సెమిస్టర్లు ల్యాబు చూసినాను, దానికి విడిగా ఏమీ ఇవ్వలేదు.

వెంకటరమణ

విడిగా ఇవ్వకపోవడం నీకు అనుకూలం. మొదటి వాక్యం ముందు ఉంది, ఉత్తర్వు ముఖ్య ఉద్దేశం అదే. నేనైతే మినహాయింపు కింద చూపిస్తాను.

సుబ్బారావు

నేనైతే ఆ ఎనిమిది గంటల వాక్యం చూసి ఒక్క నిమిషం ఆగుతాను. ఆ అమ్మాయి చదువుకుందన్నదాంట్లో నాకు అనుమానం లేదు. అయినా అధికారి అడిగితే ఆ వాక్యం గురించి చెప్పడానికి మీ దగ్గర ఒక కాగితం ఉండాలి. పీహెచ్‌డీ నిబంధనావళిలో బోధనా సహాయం కోర్సులో భాగమని ఉంటే ఆ పేజీ కూడా జతచేయండి.

రఫీ

నాకు మిగిలింది ఒకటే. నేను పోయిన జనవరిలో అదే ప్రాజెక్టులో ఉంటూనే పీహెచ్‌డీలో రిజిస్టర్ అయ్యాను. జీతం అదే, పత్రం అదే, చేసే పని కూడా అదే. ఆ తేదీ నుంచి నాది స్కాలర్‌షిప్ అవుతుందా?

వెంకటరమణ

పత్రం మారకపోతే కాదనే అంటాను రఫీ. మారిస్తే మళ్లీ చూద్దాం.