పీహెచ్‌డీ గైడ్ ఇచ్చిన టాపిక్ వద్దన్నాను, ఇప్పుడు వేరేది ఎలా అడగాలి?

కృష్ణతీరం: రాత్రంతా సారుకి మెయిల్ రాయడం, చెరపడం. మిర్చి కోల్డ్ స్టోరేజీల మీద చేయమన్నారు, కుదరదండీ అన్నాను. "సరే, ఆలోచించుకో" అని ఫోన్ చూసుకున్నారు. ఇప్పుడు వేరేది అడిగితే విశ్వాసం లేనివాడనుకుంటారు. ఏం రాయాలి?

బ్రాడీపేట బాబాయ్: గైడ్‌ని మార్చుకోవడం తేలిక కాదు నాయనా. మా అల్లుడు ఏడాది తిరిగాడు. కొత్తాయన ఒప్పుకోవాలి, పాతాయన వదలాలి.

కృష్ణతీరం: గైడ్‌ని కాదు బాబాయ్ గారూ, టాపిక్‌ని.

తెనాలి స్కాలర్: చేరాక టాపిక్ మారదు. చేయాల్సిందే.

పాత లెక్చరర్: ఎవరు చెప్పారండీ? యూజీసీ 2022 నిబంధనల ప్రకారం టాపిక్ ఖరారు చేసేది రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ, దానికి గైడే కన్వీనర్. అక్కడికి వెళ్లేదాకా మాట్లాడుకోవచ్చు. కృష్ణతీరం, కమిటీ అయిందా? స్టైపెండ్ సారు ప్రాజెక్టు నుంచి వస్తోందా? అసలు ఎందుకు వద్దన్నావు?

తెనాలి స్కాలర్: నేనన్నది టైటిల్ గురించి.

పాత లెక్చరర్: టాపిక్ అనే రాశారు.

కృష్ణతీరం: ఎకనామిక్స్ అండీ, కోర్స్‌వర్క్ నడుస్తోంది. కమిటీ కాలేదు, స్టైపెండ్ లేదు. ఏ రైతు ఎన్ని బస్తాలు దాచాడో స్టోరేజీ యజమానులు చెప్పరు. మా మేనమామకి మిర్చి యార్డులో కమీషన్ కొట్టుంది, అందుకే వాళ్లు చెప్పరని నాకు తెలుసు. సారుకి ఇదంతా చెప్పలేదు.

గోరంట్ల: మెయిల్ వద్దు. వెళ్లి కలువు.

పాత లెక్చరర్: అవును. కారణం తెలియకపోతే ఆయనకి నీ "కుదరదు" ఒక్కటే గుర్తుంటుంది. ముందు లెక్కలు దొరకవన్న సంగతి చెప్పు. ఆయనకి తెలిసిన యజమానులు ఉండొచ్చు, అదీ అడుగు. లేకపోతే ఆయన ప్రశ్ననే రైతు వైపు నుంచి పట్టుకో: ధర పడినప్పుడు సరుకు ఆపేదెవరు, ఆపలేక అమ్మేదెవరు? కౌలు రైతులతో మొదలుపెట్టు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలు రైతుకి సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. అది లేనివాళ్లకి బ్యాంకు అప్పు కష్టం, కమీషన్ వ్యాపారి దగ్గర తీసుకుంటారు, సరుకూ అక్కడికే పోతుంది. ముందు ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్లో కొందరిని అడిగి చూడు, చెబుతారో లేదో తెలుస్తుంది. తర్వాత ఒకే పేజీ: ప్రశ్న, ఎవరిని అడుగుతావు, ఏది దొరకదు. "సార్, మీరన్న విషయం వదలట్లేదు, రైతుల దగ్గర నుంచి మొదలుపెట్టనా?" అను. నిర్ణయం ఆయనకే వదిలెయ్.

బ్రాడీపేట బాబాయ్: పళ్లు కూడా పట్టుకెళ్లు.

గోరంట్ల: పళ్లెందుకు? పని కోసం పట్టుకెళ్లినట్టుంటుంది.

మిర్చి మాస్టారు: మేనమామ కొట్టు సంగతి కూడా సారుకి చెప్పాలి. వ్యాపారి మేనల్లుడు అడిగితే అప్పు సంగతి రైతు నిజం చెబుతాడా?

పాత లెక్చరర్: మంచి మాట. ఆ కొట్టుకి సరుకు వేసే ఊళ్లు వదిలేస్తే సరిపోతుందేమో.

మిర్చి మాస్టారు: సరిపోదు. యార్డులో అందరికీ అందరూ తెలుసు.

కృష్ణతీరం: సారు సోమవారం వస్తారట. థాంక్సండీ. మామయ్య సంగతి మాత్రం ఎలా చెప్పాలో అర్థం కావట్లేదు.