2 జీబీ పాత ల్యాప్‌టాప్: మార్చాల్సింది బ్రౌజరా, ఓఎస్సా?

కొర్లగుంట కుర్రాడు:
మా నాన్న 2011లో కొన్న చిన్న ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది. ఇంటెల్ ఆటమ్ N455, ర్యామ్ 2 జీబీ, అంతకు మించి పట్టదు. చెల్లి డిగ్రీ నోట్సు చదవాలి, అప్పుడప్పుడు కొండ దర్శనం టికెట్లు చూడాలి. విండోస్‌లో క్రోమ్ తెరిస్తే బిగుసుకుపోతోంది. తేలికైన బ్రౌజర్ వేస్తే చాలా, ఓఎస్ కూడా మార్చాలా?

బైరాగిపట్టెడ:
ఓఎస్ జోలికి పోవద్దు తమ్ముడూ. క్రోమ్ తీసేసి ఫాల్కన్ వెయ్. చాలా తేలిక. అదీ బరువైతే డిల్లో ఉంది, క్లిక్ చేసిన క్షణంలో తెరుచుకుంటుంది.

ల్యాబ్ మాస్టారు:
డిల్లో తేలికన్నది నిజమే. కానీ దానికి జావాస్క్రిప్ట్ రాదు, కాబట్టి టికెట్ల పేజీలో లాగిన్ దగ్గరే ఆగిపోతావు. నేను వేసి చూసినప్పుడు తెలుగు ఒత్తులు కూడా అక్షరం కింద కూర్చోకుండా పక్కకు విడిపోయాయి. చెల్లి నోట్సు తెలుగులో ఉంటే చదవలేదు.

ఫాల్కన్ సంగతి వేరు. పైన తొడుగు చిన్నదే గానీ లోపల తిరిగేది క్రోమ్‌లో ఉండే క్రోమియం ఇంజనే. ర్యామ్ తినేది బ్రౌజర్ కిటికీ కాదు, అందులో తెరిచిన పేజీ. అందుకే నా ఓటు ఓఎస్‌కి. మా ల్యాబ్‌లో ఇలాంటి 2 జీబీ మిషన్ మీద యాంటీఎక్స్ అనే తేలికైన లైనక్స్ వేశాం. ఆన్ అయ్యాక అది వాడుకున్నది 200 ఎంబీకి అటూ ఇటూ. మిగిలినదంతా ఫైర్‌ఫాక్స్‌కి వదిలేశాం. ఫైర్‌ఫాక్స్‌లో మొదట యూబ్లాక్ ఆరిజిన్ పెట్టు. ప్రకటనలు, వాటి వెనక స్క్రిప్టులు అసలు దిగవు కాబట్టి వార్తల సైట్లలో తేడా కళ్ళకే కనిపిస్తుంది.

చిత్తూరు షాపు:
మా షాపులో బిల్లింగ్ ల్యాప్‌టాప్ కూడా ఇలాగే నత్తనడక నడిచేది. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించాను, కొత్తదానిలా అయింది. ఓఎస్, బ్రౌజర్ ఏదీ మార్చలేదు. మాది 4 జీబీ.

ల్యాబ్ మాస్టారు:
అన్నా, మీకు ర్యామ్ సరిపోతోంది, నెమ్మది డిస్క్‌ది. ఈ అబ్బాయికి ర్యామే చాలడం లేదనిపిస్తోంది. ఎస్‌ఎస్‌డీ వేస్తే ఆ బాధ తగ్గుతుంది గానీ పోదు. ఊహలెందుకు, కొలుద్దాం. ఓఎస్ వేశాక టెర్మినల్‌లో ఇది నడుపుతూ పేజీలు తెరువు:

```
vmstat 1
```

మొదటి వరుస వదిలెయ్, అది ఆన్ చేసినప్పటి నుంచి వచ్చిన సగటు. తర్వాతి వరుసల్లో si, so చూడు. ఒక్కసారి ఎగిరి సున్నాకి వస్తే పర్వాలేదు. ఆగకుండా వందలు, వేలు పడుతుంటే ర్యామ్ నిండి డిస్క్ మీదకి పొర్లుతోందన్నమాట. అవి సున్నాలో ఉన్నా పేజీ కదలకపోతే id చూడు, ప్రాసెసర్ ఎంత శాతం ఖాళీగా ఉందో చెప్పేది అదే. N455కి కోర్ ఒకటే అయినా సిస్టమ్‌కి రెండుగా కనిపిస్తుంది. ఒక్క పనే దాన్ని మింగేస్తున్నా id 50 దగ్గర ఆగుతుంది. 50 చూసి సగం ఖాళీగా ఉందనుకోకు, అది ప్రాసెసర్ చేతులెత్తేయడమే. దానికి ఏ బ్రౌజరూ మందు కాదు.

ఒక జాగ్రత్త. పెన్‌డ్రైవ్ నుంచి నడుపుతూ ఈ కొలత నమ్మకు. ర్యామ్ నిండితే పొర్లడానికి డిస్క్ మీద ఉంచే చోటు, అంటే స్వాప్, లేకపోతే so ఎప్పుడూ సున్నాయే చూపిస్తుంది, మిషన్ మాత్రం బిగుసుకుపోతుంది.

బైరాగిపట్టెడ:
ఫాల్కన్ విషయం ఒప్పుకుంటున్నా. కానీ ఓఎస్ మారిస్తే 32 బిట్‌ది వెయ్యమనండి, ర్యామ్ ఇంకా తక్కువ తింటుంది.

ల్యాబ్ మాస్టారు:
తక్కువ తినే మాట నిజం. లోపల ప్రతి చిరునామా 8 బైట్లకు బదులు 4 బైట్లలో సరిపోతుంది. కానీ N455 64 బిట్ నడపగలదు. లైనక్స్ మీద 32 బిట్ ఫైర్‌ఫాక్స్ 144తో ఆగిపోయింది. యాంటీఎక్స్‌కి పునాది డెబియన్, 2025లో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ ఇన్‌స్టాలరే లేదు. డబ్బులు కట్టే పేజీలు తెరిచే మిషన్‌లో అప్‌డేట్లు ఆగిపోయే బ్రౌజర్ పెట్టమని నేను చెప్పలేను.

బైరాగిపట్టెడ:
డెబియన్ 12 మీద నడిచే 32 బిట్ యాంటీఎక్స్ ఉంది కదా మాస్టారూ. ఆ ల్యాప్‌టాప్ ఇంకో రెండేళ్ళు బతికితే గొప్ప. అంతవరకు దొరికే ర్యామ్ ఎందుకు వదులుకోవాలి?

కొర్లగుంట కుర్రాడు:
64 బిట్ యాంటీఎక్స్ వేశాను, యూబ్లాక్ కూడా పెట్టాను. నోట్సు పీడీఎఫ్, ఒక ట్యాబ్ తెరిస్తే si, so సున్నా. మూడో ట్యాబ్‌కి so వేలల్లోకి వెళ్ళి డిస్క్ లైటు ఆరకుండా వెలిగింది. వీడియో 360pలో పెడితే so సున్నాయే గానీ id 4, బొమ్మ ఆగి ఆగి వస్తోంది. చెల్లికి రెండు ట్యాబ్‌ల లెక్క చెప్పాను, పాఠాల వీడియోలు ఫోన్‌లో చూస్తానంది. బైరాగిపట్టెడ అన్నా, ఆదివారం పాత డిస్క్ ఒకటి తగిలించి 32 బిట్ కూడా వేసి, అవే మూడు ట్యాబ్‌లు తెరిచి అంకెలు పెడతాను.