64 జీబీ పెన్‌డ్రైవ్‌ను కారు చదవడం లేదు: లోపం కారుదా, పెన్‌డ్రైవ్‌దా, పాటలదా?

పటమట శ్రీను: మా కారు 2016 నాటిది. పాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో పాటలు చక్కగా వస్తున్నాయి. 64 జీబీది పెడితే మాత్రం కాసేపు వెతికి, పరికరం లేదని చూపిస్తోంది. స్టీరియో మార్చాలా, పెన్‌డ్రైవ్ మార్చాలా? విజయవాడలో ఇద్దరిని అడిగితే ఇద్దరూ స్టీరియోనే మార్చమన్నారు.

బ్రాడీపేట మాస్టారు: స్టీరియో మార్చవద్దు. ఆ కాలపు కార్లు 32 జీబీ దాటిన పెన్‌డ్రైవ్‌ను చదవవు. 16 జీబీది కొత్తది కొనుక్కుని, పాతవాటిని కదిలించకుండా పక్కన పెట్టండి.

గవర్నర్‌పేట వాణి: మాస్టారు గారూ, అడ్డు వస్తున్నది పరిమాణం కాదండీ. దుకాణంలో 32 జీబీ వరకు సాధారణంగా ఫ్యాట్32 పద్ధతిలో, 64 జీబీ నుంచి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో సిద్ధం చేసి అమ్ముతారు. పాత స్టీరియోలలో చాలావాటికి ఎక్స్‌ఫ్యాట్ తెలియదు కనుక అవి పెన్‌డ్రైవ్ లేనట్టే ప్రవర్తిస్తాయి. అదే 64 జీబీని ఫ్యాట్32 చేసి పెడితే చాలా కార్లు చదువుతాయి. శ్రీను గారూ, కంప్యూటర్‌లో ఆ డ్రైవ్‌పై కుడి క్లిక్ చేసి Properties తెరిస్తే, File system ఎదురుగా ఏముందో చెప్పండి.

లబ్బీపేట రవి: నా 1 టీబీ హార్డ్‌డిస్క్‌ది కూడా ఇదే సమస్య. కారులో పెడితే టిక్ టిక్ అని శబ్దం వస్తుంది, పాట రాదు. ఫార్మాట్ చేసినా ఫలితం లేదు.

గవర్నర్‌పేట వాణి: రవి గారూ, మీది వేరే సమస్య. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, తిరిగే హార్డ్‌డిస్క్ మొదట కదలడానికి అంతకంటే ఎక్కువ కావాలి. అది కదలబోయి ఆగిపోతున్న శబ్దమే మీరు వింటున్నది. ఫార్మాట్ దానికి మందు కాదు.

పటమట శ్రీను: exFAT అని ఉంది. ఫార్మాట్ చేయబోతే విండోస్ NTFS, exFAT మాత్రమే చూపిస్తోంది, FAT32 లేదు.

బ్రాడీపేట మాస్టారు: చూశారా? విండోస్ కూడా 32 జీబీ దగ్గరే ఆగిపోయింది. నేను చెప్పిన మాటకు ఇంతకంటే ఏ రుజువు కావాలి?

గవర్నర్‌పేట వాణి: ఆ హద్దు విండోస్ ఫార్మాట్ కిటికీ పెట్టుకున్నదే కానీ ఫ్యాట్32ది కాదు. ఫ్యాట్32 అంతకు ఎన్నో రెట్లు పెద్ద డ్రైవ్‌లను మోయగలదు, కాకపోతే అందులో ఒక్కో ఫైలు 4 జీబీ లోపు ఉండాలి. పాటలకు ఆ ఇబ్బంది ఎలాగూ రాదు. శ్రీను గారూ, ఆ పెన్‌డ్రైవ్‌ను ఇంతకుముందు దేనికి వాడారు?

పటమట శ్రీను: మా బావమరిది లాప్‌టాప్‌లో విండోస్ ఎక్కించడానికి వాడాడు. నిన్న ఒక ఉచిత ఉపకరణంతో FAT32 చేశాను, అయినా కారు చదవలేదు.

గవర్నర్‌పేట వాణి: అయితే చిక్కు ఇంకో అంతస్తు కింద ఉంది. డ్రైవ్‌లో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక ఒకటి ఉంటుంది. అది పాత పద్ధతిలో ఎంబీఆర్, కొత్త పద్ధతిలో జీపీటీ. విండోస్ ఎక్కించేటప్పుడు దానిని జీపీటీగా మార్చి ఉండవచ్చు, ఫార్మాట్ చేసినంత మాత్రాన అది మారదు. పైన ఫ్యాట్32 ఉన్నా, కింద జీపీటీ ఉంటే చాలా స్టీరియోలు అక్కడిదాకా చేరలేవు. విండోస్‌లోని diskpart ఉపకరణం తెరిచి `list disk` ఇచ్చినప్పుడు Gpt నిలువు వరుసలో నక్షత్రం గుర్తు ఉంటే అదే కారణం. లోపలివన్నీ వేరేచోట దాచుకున్న తరువాతే కిందివి ఇవ్వండి. 2 బదులు మీ పెన్‌డ్రైవ్ అంకె వేయాలి, పరిమాణం చూసి రెండుసార్లు సరిపోల్చుకోండి.

```
diskpart
list disk
select disk 2
clean
convert mbr
create partition primary size=30000
format fs=fat32 quick
assign
```

దీనితో విండోస్ పెట్టుకున్న 32 జీబీ హద్దు దాటకుండా సుమారు 30 జీబీ భాగం తయారవుతుంది, మిగతాది ఖాళీగా ఉండిపోతుంది. కారుకు ఇది చాలు.

బ్రాడీపేట మాస్టారు: అంకె తప్పితే లాప్‌టాప్‌లో ఉన్నదంతా పోతుంది. నలుగురూ చదివే చోట ఇలాంటి ఆదేశాలు రాయడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. తెలిసినవారు ఒక్క మాటలో ఫార్మాట్ అంటారు, నష్టపోయేది మాత్రం తెలియనివారు.

గవర్నర్‌పేట వాణి: హెచ్చరిక స్పష్టంగానే రాశాను. మీరు మొదటి నుంచీ 32 జీబీ దగ్గరే నిలబడి, తప్పని తేలిన మాటనే తిప్పి చెబుతున్నారు. దానిని నమ్మి జనం అవసరం లేని ఖర్చు పెడుతున్నారు.

బ్రాడీపేట మాస్టారు: ఖర్చు గురించి నాకు చెప్పకండి. మూడేళ్ల క్రితం ఇదే సమస్యతో గుంటూరులో ఒక దుకాణానికి 8 జీబీ పెన్‌డ్రైవ్ తీసుకువెళ్లాను. అతను ఒక్క మాట అడగకుండా ఫార్మాట్ చేసి, పైన నాలుగు వందల సినిమా పాటలు ఎక్కించి, పని అయిపోయిందని చేతిలో పెట్టాడు. అందులో మా నాన్నగారు పాడిన నాటక పద్యాలు ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. 32 జీబీ మాట తప్పైతే తప్పే కావచ్చు, కానీ పాతది ముట్టుకోకుండా కొత్తది కొనుక్కోమనడంలో నా ఉద్దేశం అది.

లబ్బీపేట రవి: ఆ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత వాదన జరిగేది కాదు మాస్టారూ.

పటమట శ్రీను: నక్షత్రం గుర్తు ఉంది. పాటలన్నీ లాప్‌టాప్‌లో దాచుకుని, వాణి గారు రాసినట్టు చేశాను. ఇప్పుడు కారు చదువుతోంది. కానీ 41 పాటలు జాబితాలో కనిపించి, నొక్కగానే తరువాతి పాటకు దూకుతున్నాయి. అన్నీ .mp3 అనే ఉన్నాయి.

గవర్నర్‌పేట వాణి: అవి పేరు మాత్రమే మార్చినవి కావచ్చు. చివర .mp3 అని రాసినంత మాత్రాన లోపలి సంకేతీకరణ మారదు. ఫోన్‌లోని ప్లేయర్ లోపల చూసి సర్దుకుంటుంది, కారు పేరునే నమ్మి విఫలమవుతుంది. మీడియాఇన్ఫో అనే ఉచిత ఉపకరణంలో ఒక పాట తెరిచి, Format దగ్గర MPEG Audio కాకుండా AAC లేదా Opus ఉంటే అదే కారణం. అప్పుడు ffmpeg అనే ఉచిత ఉపకరణంతో నిజంగా మార్చాలి:

```
ffmpeg -i paata.mp3 -vn -b:a 192k kotha.mp3
```

ఒకసారి కుదించినదాన్ని మళ్లీ కుదిస్తున్నాం కనుక నాణ్యత కాస్త తగ్గుతుంది. అసలు సీడీ మీ దగ్గర ఉంటే దాని నుంచే చేసుకోవడం మంచిది.

పటమట శ్రీను: 38 పాటలకు AAC ఉంది, మార్చాక పలికాయి. మిగతా మూడింటికి MPEG Audio అనే ఉంది, అయినా పలకడం లేదు.

లబ్బీపేట రవి: వాటిలో పెద్ద బొమ్మ ఇమిడి ఉందేమో, తీసేసి చూడండి.

గవర్నర్‌పేట వాణి: మాస్టారు గారూ, కటువుగా మాట్లాడినందుకు మన్నించండి. ఆ 8 జీబీ పెన్‌డ్రైవ్ ఇంకా ఉందా? తరువాత మళ్లీ వాడారా?

బ్రాడీపేట మాస్టారు: లేదు. ఆ రోజే బీరువాలో పెట్టాను.

గవర్నర్‌పేట వాణి: అయితే కారులో గానీ కంప్యూటర్‌లో గానీ పెట్టకండి. త్వరిత ఫార్మాట్ ఏ ఫైలు ఎక్కడ ఉందో చెప్పే పట్టికను మాత్రమే తుడుస్తుంది, లోపలి సమాచారం దాని మీద కొత్తది రాసేదాకా ఉంటుంది. అతను చేసింది త్వరిత ఫార్మాటే అయితే, నాలుగు వందల పాటలకు సుమారు 2 జీబీ పట్టి ఉంటుంది, మిగతా చోటు తాకకుండా ఉండే అవకాశం ఉంది. ముందు పెన్‌డ్రైవ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీసి, పోయిన ఫైళ్లను వెతికి తీసే ఫొటోరెక్ అనే ఉపకరణాన్ని ఆ నకలు మీద నడపాలి. పద్యాలు ఆ 2 జీబీ కింద పడి ఉంటే రావు. ముక్కలుగా నిల్వ అయినవి తెగి రావచ్చు. వచ్చినవాటికి కూడా ఫైళ్ల పేర్లు ఉండవు, అన్నీ అంకెలే.

బ్రాడీపేట మాస్టారు: పేర్లు లేకపోయినా ఫర్వాలేదమ్మా. గొంతు విని గుర్తుపడతాను. ఆదివారం విజయవాడ తీసుకువస్తాను.