ప్రిన్సిపాల్ గారికి ఈ లెటర్ ఇలా రాస్తే సరిపోతుందా?

మాది కర్నూలు. పాప ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి. ఒంటిపూట బడులు మొదలైనా వీళ్లు రివిజన్ పేరుతో రెండు దాకా ఉంచుతున్నారు. క్లాసు పై అంతస్తులో, రేకుల కింద. 38 మంది పిల్లలకు రెండే ఫ్యాన్లు. ఒకటి తిరుగుతోందో లేదో తెలియనంత నెమ్మది, కెపాసిటర్ పోయినట్టుంది. మొన్న పాప తలనొప్పితో వచ్చి వాంతి చేసుకుంది.

ఫ్యాన్లు మాత్రమే అడుగుదామనుకున్నాను. కానీ ఎండ నలభై డిగ్రీలు దాటాక రేకుల కింద ఫ్యాన్ వేడిగాలినే కిందికి తోస్తుంది. ఒంటికి చెమట పట్టి ఆరితేనే చల్లదనం, అందుకు పిల్లలు నీళ్లు తాగుతూ ఉండాలి. అందుకే ఇలా రాశాను:

"అయ్యా, ఎండలు తగ్గేదాకా పిల్లలను పన్నెండున్నరకు పంపించగలరు. రివిజన్ ఉదయమే పెట్టండి. నాలుగో తరగతిని కింది గదికి మార్చి, సరిగా తిరగని ఫ్యాన్ బాగుచేయించి, ఇంకో రెండు వేయించండి. గంటకోసారి నీళ్లు తాగే విరామం ఇవ్వండి."

పాప వాంతి సంగతి ఇందులో రాయాలా? రాస్తే "మీ పాపకే ఒంట్లో బాలేదు" అని తోసేస్తారేమోనని టెన్షన్. నేనొక్కదాన్నే ఇవ్వాలా, నలుగురైదుగురు తల్లిదండ్రుల సంతకాలతో ఇవ్వాలా? తీసుకున్నట్టు కాపీ మీద సంతకం అడిగితే తప్పుగా అనుకుంటారా? ఇలా ఇచ్చినవాళ్లుంటే చెప్పండి. సోమవారం ఇవ్వాలనుకుంటున్నాను.